సాయంత్రమైతే ఆగని ఏడుపు

ఐదు వారాల పాప. పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఆరయ్యేసరికి పిడికిళ్లు బిగించి, కాళ్లు పొట్టకేసి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. దీన్నే కోలిక్ అంటారు. ఆరో వారం ప్రాంతంలో ఎక్కువై, సాధారణంగా మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. చాలాసార్లు ఏడుస్తూ గాలి మింగడం వల్లే పొట్ట ఉబ్బుతుంది.

అందుకే ఏడుపు మొదలవకముందే, చేతులు నోట్లో పెట్టుకుంటున్నప్పుడే పాలు పట్టాలి. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. టక్‌టక్‌మని చప్పుడొస్తే గాలి పోతోందని అనుమానించి, మళ్లీ సరిగ్గా పట్టించండి. తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేలా వీపు నిమరండి.

అయినా ఏడిస్తే ముంజేతి మీద బోర్లా వేసుకోండి. తల మోచేతి మడత దగ్గర, ముఖం పక్కకు, మీ అరచేయి తొడల మధ్య ఉండాలి. అలాగే మెల్లగా నడవండి. నిద్రపోతే మాత్రం వెల్లకిలా పడుకోబెట్టాలి. వాము నీళ్లు, గ్రైప్ వాటర్ వద్దు. ఎంత విసుగొచ్చినా బిడ్డను కుదపకండి. తొట్టిలో పడుకోబెట్టి, కాసేపు పక్కకు వెళ్లండి.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, ఆకుపచ్చగా వాంతైనా, మలంలో రక్తం కనిపించినా, పాలు మానేసి మగతగా ఉన్నా, గజ్జల్లో గట్టి వాపున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.