సీట్లు సరిపోతాయి, బుధవారం తప్ప

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆఫీసుకు చేరేసరికి ఒక్క సీటూ ఖాళీ లేదు. క్యాంటీన్ బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే, మాట్లాడాల్సిన టెస్టింగ్ టీమ్ వాళ్లంతా ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తున్నారని తెలిసింది. చివరికి వాళ్లతో వీడియో కాల్‌లోనే మాట్లాడాల్సి వచ్చింది. అదే ఆఫీసులో సోమవారం వరుసలకు వరుసలు ఖాళీ. వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు అనే పద్ధతి పెట్టుకున్న చాలాచోట్ల ఉన్న తంటా ఇదే. కారణం సీట్ల కొరత అనుకుంటారు కానీ, చాలాసార్లు అసలు లోపం రోజుల పంపకంలో ఉంటుంది.

లెక్క కోసం ఒక ఆఫీసును ఊహించుకుందాం. ఉద్యోగులు 120 మంది, సీట్లు 80. మనిషికి మూడు రోజుల చొప్పున వారానికి 360 హాజర్లు కావాలి. ఐదు రోజులకు సీట్లు 400 ఉన్నాయి. కాగితం మీద ఇంకా 40 మిగులుతున్నాయి. అయితే ఏ రోజు రావాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకోమంటే ఈ లెక్క తప్పుతుంది. శుక్రవారం ఇంటి నుంచి పనంటే గురువారం రాత్రే బస్సెక్కి విజయవాడకో రాజమండ్రికో వెళ్లిపోవచ్చు. సోమవారం కూడా ఇంటి నుంచే అయితే మంగళవారం పొద్దున్న దిగితే చాలు. అందుకే మంగళ, బుధ, గురువారాల మీద అందరూ ఎగబడతారు. బుధవారం 100 మంది వస్తే 20 మందికి సీటుండదు. వారం సగటు రోజుకు 72 మందే అయినా, ఆ సగటు బుధవారం వచ్చినవాళ్లకు సీటు ఇవ్వలేదు.

కాబట్టి రోజులను మనిషికి కాకుండా టీమ్‌కు కేటాయించాలి. ఆ పని సీట్ల లెక్కతో మొదలుపెట్టకూడదు. ఎవరికి ఎవరితో ఎదురెదురుగా కూర్చుని చేసే పని ఉందో ముందు రాసుకోవాలి. మన ఆఫీసులో 20 మంది చొప్పున ఆరు టీమ్‌లు ఉన్నాయనుకుందాం: డెవలపర్లు, టెస్టింగ్, డిజైన్, సేల్స్, కస్టమర్ సపోర్ట్, ఫైనాన్స్. డెవలపర్లు టెస్టింగ్ వాళ్లతోనూ డిజైన్ వాళ్లతోనూ వారానికి రెండు రోజులైనా కలవాలి. ఈ మూడు టీమ్‌లూ కలిసి ఉండే రోజు ఒకటి కావాలి. సేల్స్, సపోర్ట్ వాళ్లకు రెండు రోజులు కావాలి. మిగతా జంటలకు ఒక రోజు చాలు.

ఇక్కడ అంకగణితం మనకు కలిసొస్తుంది. ఐదు రోజుల వారంలో రెండు టీమ్‌లు చెరో మూడు రోజులు వస్తే, ఎంత వెతికినా వాళ్లు కలవకుండా ఉండటం సాధ్యం కాదు. మూడూ మూడూ ఆరు, రోజులు ఐదే, కాబట్టి కనీసం ఒక రోజు కలిసే తీరుతుంది. అంటే ఆ ఒక్క రోజు చాలిన జంటల గురించి దిగులు అక్కర్లేదు. దృష్టంతా రెండు రోజులు కావాల్సిన జంటల మీద పెట్టొచ్చు.

ఇక సీట్లు. 80 సీట్లలో రోజుకు నాలుగు టీమ్‌లు పడతాయి. ఆరు టీమ్‌లు మూడేసి రోజులు వస్తే మొత్తం 18 టీమ్-రోజులు. వీటిని మంగళ, బుధ, గురువారాల్లో నాలుగేసి, సోమ, శుక్రవారాల్లో మూడేసి చొప్పున సర్దాలి. అలా సర్దితే వచ్చే పట్టిక ఇది:

- సోమవారం: డిజైన్, సేల్స్, సపోర్ట్
- మంగళవారం: డెవలపర్లు, టెస్టింగ్, డిజైన్, ఫైనాన్స్
- బుధవారం: డెవలపర్లు, డిజైన్, సేల్స్, ఫైనాన్స్
- గురువారం: డెవలపర్లు, టెస్టింగ్, సేల్స్, సపోర్ట్
- శుక్రవారం: టెస్టింగ్, సపోర్ట్, ఫైనాన్స్

డెవలపర్లు టెస్టింగ్ వాళ్లతో మంగళ, గురువారాల్లో, డిజైన్ వాళ్లతో మంగళ, బుధవారాల్లో కలుస్తారు. మంగళవారం ముగ్గురూ ఉంటారు. సేల్స్, సపోర్ట్‌లకు సోమ, గురువారాలు కుదిరాయి. ఏ రెండు టీమ్‌లను తీసుకున్నా కలిసే రోజు ఒకటైనా ఉంది.

అయితే పట్టిక కుదిరినంత మాత్రాన జనం ఒప్పుకోరు. సపోర్ట్ వాళ్లకు సోమవారమూ శుక్రవారమూ పడ్డాయి, డెవలపర్లకు రెండూ తప్పాయి. ‘ఎప్పుడూ మాకేనా?’ అన్న ప్రశ్న మొదటి నెలలోనే వస్తుంది. ఈ పట్టికలో సేల్స్, సపోర్ట్ తమ రోజులు మార్చుకున్నా ఏ జంటా దెబ్బతినదు. మూడు నెలలకోసారి ఆ ఇద్దరినీ మార్చితే భారం పంచుకున్నట్టు ఉంటుంది. డెవలపర్ల రోజులు మాత్రం అంత తేలిగ్గా కదలవు, ఎందుకంటే రెండు జంటలు వాళ్లమీదే ఆధారపడి ఉన్నాయి. ఆ కారణాన్ని దాచకుండా అందరికీ చెప్పడం మేలు.

నాలుగు టీమ్‌లు వచ్చే రోజున 80 సీట్లూ నిండుతాయి కదా, వేరే టీమ్ మనిషి లాప్‌టాప్ బాగుచేయించుకోవడానికి వస్తే? ఆచరణలో నాలుగు టీమ్‌లకు నాలుగు బ్లాకులు ఇచ్చి, బ్లాకులోపల ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చనాలి. సెలవు పెట్టినవాళ్ల సీట్లు ముందురోజు సాయంత్రానికే సిస్టమ్‌లో ఖాళీగా కనిపించాలి. బుక్ చేసి పదిన్నరకల్లా రానివాళ్ల సీటు దానంతటదే విడుదలవ్వాలి. తమ రోజు కాని రోజున వచ్చేవాళ్లు వాటిలోంచే తీసుకోవాలి. ఈ నిబంధన లేకపోతే ముందుగా వచ్చినవాళ్లు పక్క సీటు మీద బ్యాగు పెట్టి స్నేహితులకు ఆపడం మొదలవుతుంది.

సీట్లు సర్దుకున్నాక మీటింగ్ రూముల గొడవ బయటపడుతుంది. అందరూ కలిసే రోజే అందరికీ రూము కావాలి. మంగళవారం రూములన్నీ బుక్ అయినట్టు క్యాలెండర్ చూపిస్తుంది, కానీ పదకొండుంపావుకి ఫ్లోరంతా ఒకసారి తిరిగితే కొన్ని రూముల్లో లైట్లు కూడా వెలగవు. ఎప్పుడో ప్రాజెక్టు మొదట్లో పెట్టిన వారపు మీటింగు, ఇప్పుడు ఎవరూ రాకపోయినా, రూమును పట్టుకుని ఉంటుంది. 12 మంది పట్టే రూములో ఒకరు కూర్చుని ఇంట్లో ఉన్న మేనేజర్‌తో కాల్ మాట్లాడుతుంటారు. రెంటికీ మందు వేరు. వారపు బుకింగ్ మూడు నెలలకు రద్దయిపోయి, అవసరమున్నవాళ్లు మళ్లీ పెట్టుకునేలా చేయాలి. మొదటి పది నిమిషాల్లో ఎవరూ చెక్-ఇన్ చేయకపోతే రూమును వదిలేయాలి. ఒంటరి కాల్స్‌కు ఫోన్ బూతులు ఉండాలి, ఎందుకంటే సగంమంది ఇంట్లో ఉన్న ఆఫీసులో ప్రతి మీటింగూ కొంత కాలే. ముఖాముఖి అవసరం లేని వారపు రిపోర్టు మీటింగులు ఇంటి రోజులకు మార్చేస్తే మంగళవారం పెద్ద రూములు డిజైన్ చర్చలకు దొరుకుతాయి.

పట్టిక పనిచేస్తోందా లేదా అన్నది సర్వేలో అడిగితే సరిగా తెలియదు. గేటు దగ్గర కార్డు స్వైపులు, సీటు బుకింగులు పక్కపక్కన పెట్టి చూడాలి. బుకింగులు ఎక్కువుండి స్వైపులు తక్కువుంటే జనం ముందుజాగ్రత్తగా సీట్లు ఆపుకుంటున్నారు. స్వైపులు ఎక్కువుంటే నిబంధన పక్కనపెట్టి వచ్చేస్తున్నారు. సంక్రాంతి వారాన్ని మాత్రం ఈ లెక్కలోంచి తీసేయాలి, సగం ఆఫీసు ఊళ్లలో ఉంటుంది.

చివరిగా యాజమాన్యాలు చేసే పొరపాటు ఒకటుంది. సోమవారం ఖాళీ సీట్లు చూసి, అద్దె తగ్గించుకుందామని 80ని 70 చేస్తారు. వారానికి 350 సీట్లు, సెలవుల్లో పదో వంతు పోతే వచ్చేది 324 మందే, ఇంకేం అనుకుంటారు. కానీ నాలుగు టీమ్‌లు వచ్చే రోజున పదో వంతు సెలవులో ఉన్నా 72 మంది వస్తారు. సెలవులు తక్కువున్న రోజు 80 మందీ రావచ్చు. ఇక రోజుకు మూడు టీమ్‌లే పట్టేట్టయితే వారానికి 15 టీమ్-రోజులు, కావాల్సింది 18. అప్పుడు చేయాల్సింది ఏమిటంటే మూడు రోజుల నిబంధనను తగ్గించడం. అది రెండు రోజులకు దిగితే టీమ్‌లు కలుస్తాయన్న హామీ పోతుంది, రెండూ రెండూ నాలుగే కాబట్టి. సీట్లు ఎన్ని, రోజులు ఎన్ని, ఎవరు ఎవరితో కలవాలి అన్నవి మూడూ ఒకే బల్ల దగ్గర, ఒకేసారి తేలాల్సిన ప్రశ్నలు.