పోయిన పెళ్లి వీడియోకు ఖరీదు ఎంత?

న్యూయార్క్‌లో 2009లో ఒకాయన తన పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియో మీద దావా వేశాడు. పెళ్లయింది 2003 చివర్లో. చివరి పదిహేను నిమిషాల వేడుకను, అందులోని ఆఖరి నృత్యాన్ని, స్టూడియోవాళ్లు తీయలేదన్నది ఆయన ఫిర్యాదు. కట్టిన 4,100 డాలర్లు వెనక్కి ఇవ్వడమే కాదు, బంధువులందరినీ విమానాల్లో మళ్లీ రప్పించి పెళ్లిని తిరిగి జరిపించి ఫొటోలు తీయడానికి 48,000 డాలర్లు కూడా ఇప్పించమన్నాడు. దావా నడుస్తున్న నాటికే ఆ దంపతులు విడిపోయారు. మానసిక వేదన కింద అడిగిన దానితో సహా ఆయన కోరికల్లో చాలావాటిని జడ్జి కొట్టేశారు. ఒప్పందం ప్రకారం పని చేయలేదన్న ఒక్క వాదనను మాత్రం విచారణకు ఉంచారు.

విన్నవాళ్లు నవ్వుకున్నారు గానీ, ఆయన అడిగినదాని వెనక ఒక చిక్కు ప్రశ్న ఉంది. గోడ సరిగా కట్టని మేస్త్రీ ఉంటే ఇంకో మేస్త్రీతో కట్టించి ఆ ఖర్చు రాబట్టవచ్చు. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం కెమెరాకు దొరక్కపోతే దాన్ని ఇంకెవరితో తీయిస్తాం? తిరిగి చేయించలేని పనికి నష్టం ఎంతని కట్టాలి?

పాత చట్టాన్ని చూస్తే జవాబు నిరాశగానే ఉంటుంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మాట తప్పినందువల్ల సహజంగా కలిగిన నష్టం ఇప్పించాలి, దూరపు నష్టాలు లెక్కలోకి రావు అని దాని 73వ సెక్షన్ చెబుతుంది. ఇది వ్యాపారుల కోసం కుదిరిన లెక్క. సరుకు రాలేదు, బయట కొన్నాను, తేడా ఇంత అని చెప్పగలిగినవాడికి అది సరిపోతుంది. ఒప్పందం తప్పినందుకు కలిగిన మనోవేదనకు డబ్బు ఇవ్వకూడదన్నది ఇంగ్లండులోనూ చాలాకాలం గట్టి నియమం. 1909లో అక్కడి ప్రభువుల సభ ఒక ఉద్యోగి కేసులో చెప్పిన తీర్పు దానికి ఆధారం.

ఆ నియమానికి పెళ్లి ఫొటోల దగ్గర బీట పడింది. 1971లో స్కాట్లాండులోని ఒక షెరిఫ్ కోర్టు ముందుకు డీసెన్ వర్సెస్ సామ్సన్ అనే కేసు వచ్చింది. పెళ్లికి వస్తానన్న ఫొటోగ్రాఫర్ రాలేదు. పెళ్లికూతురికి ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. డబ్బు రూపంలో పోయినదేమీ లేదు కాబట్టి పరిహారం అక్కర్లేదన్నది అతని వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఈ ఒప్పందం చేసుకున్నదే ముందు ముందు ఆ ఫొటోలు చూసుకుని సంతోషించడానికి, ఆ సంతోషం పోవడమే ఇక్కడ నష్టం అని తేల్చి 30 పౌన్లు ఇప్పించింది. రెండేళ్లు తిరక్కుండానే ఇంగ్లండు అప్పీలు కోర్టు కూడా చెడిపోయిన విహారయాత్ర విషయంలో ఇదే దారి పట్టింది. ఆనందాన్ని అందించడమే ఒప్పందం ఉద్దేశమైతే, ఆ ఆనందం పోయినందుకు పరిహారం ఉంటుందన్నది అప్పటినుంచి స్థిరపడింది.

మన దేశంలో ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది వినియోగదారుల చట్టం. పరిహారం అనే మాటలో మానసిక బాధ కూడా ఇమిడి ఉంటుందని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. అందుకే పెళ్లి ఫొటోల తగాదాలు మామూలు సివిల్ కోర్టుకంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం మేలు. అక్కడ లెక్క ఎలా కడతారో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం.

గుంటూరులో ఒక కుటుంబం పెళ్లికి లక్షన్నర ప్యాకేజీ మాట్లాడుకుందనుకోండి. ఆర్డర్ ఫారంలో క్యాండిడ్ ఫొటోలు, ఆల్బమ్‌లకు కలిపి 90 వేలు, వీడియోకు, డ్రోన్‌కు కలిపి 60 వేలు అని విడివిడిగా రాశారు. బుకింగ్ నాడు 50 వేలు, పెళ్లినాడు 50 వేలు ఇచ్చారు. మిగతా 50 వేలు ఆల్బమ్ చేతికందాక ఇవ్వాలి. ఆల్బమ్ వచ్చింది, బాగానే ఉంది. వీడియో మాత్రం రాలేదు. కార్డుల నుంచి ఒకే హార్డ్ డిస్కులోకి ఎక్కించి, కార్డులు ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లికి వాడేశారు. తర్వాత డిస్కు పాడైంది. ఈ సంగతి చెప్పకుండా స్టూడియోవాళ్లు ఏడు నెలలు 'ఎడిటింగ్‌లో ఉంది' అంటూ గడిపారు.

మొదటి మెట్టు కట్టిన డబ్బు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇచ్చిన లక్ష మొత్తం వెనక్కి రావాలని అడుగుతారు. కానీ వాళ్ల చేతిలో 90 వేల విలువైన ఆల్బమ్‌లు ఉన్నాయి. కట్టింది లక్ష. అంటే వెనక్కి రావలసింది పదివేలు, ఇవ్వవలసిన 50 వేల బాకీ రద్దు. రెండూ కలిపితే వీడియో ఖరీదు 60 వేలు తీరినట్టే. అసలు ఏమీ ఇవ్వని చోట మాత్రం మొత్తం వాపసు అడగడంలో న్యాయం ఉంటుంది.

రెండో మెట్టు నష్టాన్ని తగ్గించుకోవడానికి పెట్టిన ఖర్చు. కార్డు ఫార్మాట్ చేసినంత మాత్రాన అందులోని దృశ్యాలు వెంటనే చెరిగిపోవు. వాటి మీద కొత్త దృశ్యాలు ఎక్కేదాకా చాలావరకు వెనక్కి తీసే అవకాశం ఉంటుంది. అందుకే ఏదో పోయిందని తెలియగానే ఆ కార్డును, ఆ డిస్కును వాడటం ఆపేయాలి. ఈ ఉదాహరణలో కుటుంబం డిస్కును డేటా రికవరీ చేసేవాళ్లకు ఇచ్చి 15 వేలు ఖర్చు పెట్టింది. బంధువుల ఫోన్లలోని క్లిప్పులు పోగేసి ఎడిట్ చేయించడానికి మరో 12 వేలు అయింది. ఈ 27 వేలకు బిల్లులుంటే వాదనే అక్కర్లేదు. నష్టాన్ని పూడ్చుకునే దారి ఉందా లేదా అన్నది కూడా చూడాలని 73వ సెక్షన్ వివరణే చెబుతోంది. కాబట్టి ప్రయత్నం చేశామని చూపించడం కేసుకు బలం.

మూడో మెట్టు మనోవేదన. దీనికి సూత్రం లేదు. కానీ కమిషన్ గాలిలోంచి అంకె తీయకూడదు. ఢిల్లీలో ఒక హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించిన కేసులో జాతీయ కమిషన్ రెండు కోట్లు ఇమ్మంటే, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ అంకెను పక్కన పెట్టి మళ్లీ పరిశీలించమంది. అడిగినంత మాత్రాన పరిహారం రాదు, దానికి ఆధారం ఉండాలన్నది ఆ తీర్పు సారం. కాబట్టి కమిషన్ చూసేవి కొన్ని ఉన్నాయి. పోయింది ముహూర్తమా, రిసెప్షన్‌లో ఒక గంటా? ఫొటోలైనా మిగిలాయా, ఏదీ లేదా? ఆ పెళ్లిలో కనిపించి తర్వాత చనిపోయిన తాతయ్యో అమ్మమ్మో ఉన్నారా? అన్నిటికన్నా ముఖ్యంగా స్టూడియో ఎలా నడుచుకుంది? డిస్కు పాడైన రోజే ఫోన్ చేసి, రికవరీకి తన ఖర్చుతో పంపినవాడికీ, ఏడు నెలలు అబద్ధం చెప్పినవాడికీ ఒకే అంకె పడదు. మన ఉదాహరణలో కుటుంబం పది లక్షలు అడగవచ్చు. రావడం మాత్రం మామూలుగా వేలల్లోనే ఉంటుంది. లక్షలు దాటడం అరుదు. దీనికి కోర్టు ఖర్చులు, వాపసు సొమ్ముపై వడ్డీ కలుస్తాయి.

ఇక స్టూడియో తరఫు ప్రధానమైన ఆయుధం, ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉండే 'సాంకేతిక కారణాలతో డేటా పోతే మా బాధ్యత కట్టిన సొమ్ముకే పరిమితం' అన్న షరతు. రీళ్ల రోజుల్లో కలర్ ల్యాబుల రశీదుల మీద కూడా ఇలాంటిదే ఉండేది, రీలు పోతే కొత్త రీలు ఇస్తామని. ఇంగ్లండులో 1981లో ఉడ్‌మన్ కేసులో ఒకాయన స్నేహితుల పెళ్లిలో తీసిన రీలులో చాలా ఫొటోలను ల్యాబు పోగొట్టింది. కొత్త రీలు ఇస్తాం, అంతే అంది. కోర్టు ఆ షరతు సమంజసం కాదని 75 పౌన్లు ఇప్పించింది. తక్కువ ధరకు తక్కువ బాధ్యత, ఎక్కువ ధరకు ఎక్కువ జాగ్రత్త అని రెండు దారులు చూపించి ఎంచుకోమనకపోవడం ల్యాబు తప్పుగా తేలింది.

ఇక్కడ మాత్రం ఆ తీర్పును నమ్ముకుని కూర్చోకూడదు. భారతి నిట్టింగ్ కంపెనీ వేసిన కొరియర్ కేసులో 1996లో సుప్రీంకోర్టు, సంతకం చేసిన పత్రంలో బాధ్యత వంద డాలర్లకే పరిమితమని ఉంటే అది సంతకం పెట్టినవాళ్లను కట్టేస్తుందని చెప్పింది. అందువల్ల సంతకం చేశారా, లేక రశీదు వెనక అచ్చయి ఉన్నదాన్ని ఎవరూ చూపించలేదా అన్నది కీలకం. 2019 చట్టం 'అన్యాయమైన ఒప్పందం' అనే కొత్త ఆయుధం ఇచ్చింది గానీ, దాని మీద ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు చేయాలి.

ఫిర్యాదు దారి పెద్ద కష్టమైనది కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదు చేసేవాళ్లు నివసించే జిల్లాలోనే వేయవచ్చు కాబట్టి, పెళ్లి గుంటూరులో జరిగినా ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్న అమ్మాయి అక్కడే వేసుకోవచ్చు. డబ్బు కట్టింది నాన్నగారే అయినా, ఆయన సమ్మతితో ఆ సేవ పొందిన అమ్మాయి కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. కానీ గడువు రెండేళ్లు. 'వచ్చే వారం ఇచ్చేస్తా' అని స్టూడియో చెప్పే ప్రతి వాయిదాతో ఆ గడువు పెరగదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచి ఇవ్వకుండా ఏడాది ఊరుకున్నవాళ్లు ఆలస్యానికి పరిహారం అడిగితే కమిషన్ ఆ తప్పును వాళ్ల ఖాతాలోనే వేస్తుంది.

అందుకే బుకింగ్ నాడే ఆర్డర్ ఫారంలో నాలుగు సంగతులు రాయించుకోండి. ఫొటోలకు, వీడియోకు, డ్రోన్‌కు ధరలు విడివిడిగా ఉండాలి, ఎందుకంటే రేపు వాపసు లెక్క కట్టేది వాటి మీదే. ఏది ఏ తేదీకి ఇస్తారో ఉండాలి, రెండేళ్ల గడువు ఎక్కడ మొదలైందో చెప్పడానికి అదే ఆధారం. రెండు చోట్ల కాపీ ఉండేదాకా కార్డులు ఫార్మాట్ చేయమన్న మాట ఉండాలి. పెళ్లయిన వారంలోపు ఎడిట్ చేయని ఫైళ్లన్నీ మీ హార్డ్ డిస్కులో వేసి ఇస్తామన్న మాట ఉండాలి. ఆ హార్డ్ డిస్కుకయ్యే కొద్ది వేలు మండపం పూల ఖర్చులో ఒక మూలకు రావు.