‘గుండె ఆగి మృతి’ అని రాస్తే సార్ కొట్టేశారు

బైక్ మీంచి పడి చనిపోయిన కుర్రాడు. పోస్ట్‌మార్టం చేస్తూ సార్ చెబుతుంటే గబగబా రాసుకున్నా: “పొట్టలో రక్తం రెండు లీటర్లు, లివర్ చీలింది, పక్కటెముకల దగ్గర గీరుకుపోయింది, కిడ్నీలు పాలిపోయాయి.”

దాన్ని మూడు భాగాలు చేయాలి. మొదటిది, బయటి గాయాలు. గీరుకుపోయింది కుడివైపా, ఎడమవైపా? నోట్స్‌లో లేదు. కుట్లు వేయకముందే వెళ్లి చూశా. కుడివైపే, సరిగ్గా లివర్ మీద. రెండోది, అవయవాలు: లివర్ చీలిక, పొట్టలో రక్తం, పాలిపోయిన కిడ్నీలు.

మూడోది, మరణ కారణం. ‘గుండె ఆగి మృతి’ అన్నా.

“పోయినవాళ్లందరికీ గుండె ఆగుతుందమ్మా. ఎందుకు ఆగిందో రాయి” అన్నారు సార్.

మార్చి రాశా: ‘లివర్ చీలి, రక్తం పోయి, షాక్‌తో మరణం’. ‘ప్రమాదం’ అని మాత్రం రాయలేదు. మాకు కనిపించింది గాయమే. అది ప్రమాదమో కాదో తేల్చేది పోలీసు విచారణ.