సీఏ పెట్టిన మూడు లైన్లు, ఏజెంటు పెట్టిన ముప్పై లైన్లు

నిరుడు సెప్టెంబర్ మొదటి వారంల మా ఊరి తమ్ముడొకడు నాకు రెండు ఫొటోలు పంపిండు. "అన్నా, ఈ రెండిట్ల ఏది నమ్మాలె?" అని అడిగిండు.

ఒకటి చార్టర్డ్ అకౌంటెంట్ పెట్టిన పోస్టు. ఫొటో కింద మూడే లైన్లున్నయి: "2024-25 ఆర్థిక సంవత్సరానికి ఆడిట్ అవసరం లేని వాళ్ళు రిటర్న్ వేయడానికి గడువు 2025 సెప్టెంబర్ 15. వేసే ముందు ఫారం 26ఏఎస్ చూసుకోండి. వేసిన తర్వాత 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయండి." ఫోన్ నంబర్ లేదు, ఫీజు లేదు, 'మా ఆఫీసుకు రండి' అన్న మాట లేదు.

రెండోది ఎర్రక్షరాలతోటి నిండిపోయింది. "గ్యారంటీ రిఫండ్! ఈ రోజే ఆఖరు! వచ్చిన దాంట్ల 10 శాతమే మా ఫీజు!"

తమ్మునికి రెండోదే నచ్చింది. మొదటాయనకు పని మీద సోయి లేదనుకున్నడు. అసలు సంగతి వేరే ఉన్నది. ఆ సీఏ గట్ల సప్పుడు చెయ్యకుండ రాసిండంటే, ఆయన కట్టుబడ్డ నియమమే అట్లుంటది.

1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూల్ల ఆరో క్లాజు ఉంది. ప్రకటనతోటి గానీ, కరపత్రంతోటి గానీ, నేరుగ గానీ, సుట్టు తిప్పి గానీ 'నాకు పని ఇయ్యండి' అని గిరాకీని పిలిస్తే అది వృత్తిపరమైన తప్పు. వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఒప్పుకున్న కొన్ని మినహాయింపులున్నయి గానీ, మూలసూత్రం ఇదే. జనానికి తెలివిడి చేసే సమాచారం చెప్పొచ్చు, దాని పేరు మీద గిరాకీని గుంజొద్దు. ఇంకో క్లాజు ఫీజు గురించి. పని ఫలితాన్ని బట్టి శాతం లెక్క ఫీజు తీసుకోవద్దంటది. దానికి కూడ కొన్ని మినహాయింపులు రాసి ఉన్నయి గానీ, మామూలు రిటర్న్ వేసే పని వాటిల్లకు రాదు. అంటే 'రిఫండ్ల 10 శాతం' అన్నోడు సీఏ కాకపోవాలె, లేదా నియమం తప్పిన సీఏ అయ్యుండాలె.

సీఏ కానోడు రిటర్న్ వేసి పెడితే నేరం ఏం కాదు. మన రిటర్న్ మనమే incometax.gov.in ల పైసా కట్టకుండ వేసుకోవచ్చు. కానీ సీఏ నియమం తప్పితే ఇన్‌స్టిట్యూట్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. ఏజెంటు మీద గట్ల అడిగే సంస్థ లేదు.

ఇగ తమ్ముని లెక్కకు వద్దాం. ప్రైవేటు దవాఖానల కాంట్రాక్టు పని. నెలకు 20,000. అది జీతం లెక్క కాదు, 'ప్రొఫెషనల్ ఫీజు' లెక్క రాసి 10 శాతం టీడీఎస్ కోసిన్రు. ఏడాదికి ఆమ్దానీ 2,40,000, కోసింది 24,000. ఆ ఏడు కొత్త పన్ను విధానంల 3 లక్షల దాక పన్నే లేదు. ఇంకో ఆమ్దానీ కూడ లేదు కాబట్టి 24,000 మొత్తం ఆయనకే వాపసు రావాలె. అది ఎవరో తెచ్చిచ్చే రిఫండ్ కాదు, ఆయన చెమట పైసలే. ఏజెంటు అందులకెళ్ళి 2,400 అడిగిండు.

ఇక్కడ్నే మూడు లైన్లల్ల రెండో లైన్ పనికొచ్చింది. ఫారం 26ఏఎస్ తీసి చూస్తే పన్నెండు నెలలకు బదులు తొమ్మిది నెలల టీడీఎస్సే కనవడ్డది, 18,000. దవాఖానోళ్ళు ఆఖరు మూడు నెలల లెక్క తమ్ముని పాన్ మీద ఎక్కియ్యలేదు. రిటర్న్‌ల 24,000 రాస్తే లెక్క కలవక రిఫండ్ ఆగుతుండె. ముందుగాల అకౌంట్స్ సెక్షన్‌ల అడిగి, వాళ్ళ టీడీఎస్ స్టేట్‌మెంట్‌ను సరిచేయించి, అప్పుడు వేసిండు. దానికి పది రోజులు పట్టింది. గ్యారంటీ అన్నోని పోస్టుల ఈ మాటే లేదు.

మూడో లైన్ కూడ చిన్నది కాదు. రిటర్న్ వేసి వెరిఫై చెయ్యకపోతే అది లెక్కల్లకు రాదు. 30 రోజులు దాటినంక చేస్తే, వెరిఫై చేసిన తారీఖే వేసిన తారీఖు అయితది. ఆధార్ ఓటీపీతోటి రెండు నిమిషాల పని.

'ఈ రోజే ఆఖరు' అన్న బెదిరింపు సంగతి. ఆ ఏడు గడువు మొదలు జులై 31, తర్వాత సెప్టెంబర్ 15 చేసిన్రు, ఆఖరుకు ఒక రోజు పొడిగించి 16 చేసిన్రు. అది దాటినా డిసెంబర్ 31 దాక ఆలస్యపు రిటర్న్ వేసుకోవచ్చు. ఆమ్దానీ 5 లక్షల లోపుంటే 1,000, దాటితే 5,000 ఆలస్యపు ఫీజు. పన్ను పడని ఆమ్దానీ ఉండి, రిటర్న్ వెయ్యాలన్న వేరే షరతు ఏదీ లేనోళ్ళకు ఆ ఫీజు కూడ లేదు. డిసెంబర్ దాటితే మాత్రం మామూలు తొవ్వ మూసుకపోతది. తారీఖు ఏటేటా మారొచ్చు, అందుకే ఏ ఏడుదో రాయని పోస్టును పక్కన పెట్టున్రి.

ఇంకో మాట. పన్ను కట్టాల్సినోళ్ళకు 'గ్యారంటీ రిఫండ్' ఇప్పియ్యనీకె కొందరు ఏజెంట్లు లేని ఇంటి కిరాయి, కట్టని చందాలు రాస్తరు. పట్టుబడితే తప్పించుకున్న పన్నుకు రెండింతల దాక జరిమానా పడొచ్చు. అది ఏజెంటు మీద కాదు, పాన్ కార్డు ఎవరిదో వాళ్ళ మీద పడ్తది.

సీఏ అని చెప్పుకున్నోణ్ణి మెంబర్‌షిప్ నంబర్ అడుగున్రి, ఇన్‌స్టిట్యూట్ సైట్ల చూసుకోవచ్చు. నిజమైన సీఏ ఆ నంబర్ చెప్పనీకె ఎన్కముందు ఆడడు. తమ్ముడు ఆ ఏజెంటుకు ఫోన్ చేసి అదే అడిగిండు. అవతల ఫోన్ కట్ అయింది.