కుడి నుంచి ఎడమకు, మధ్యలో ఎడమ నుంచి కుడికి: అరబిక్ చాట్‌ను చదివే క్రమం

గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్లకు అరబిక్ సందేశాల స్క్రీన్‌షాట్లు తరచుగా వస్తుంటాయి. వాటిలో అరబిక్ మాటల మధ్య యాప్‌ల పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, టైమూ ధరా ఫోన్ నంబరూ అంకెల్లో ఉంటాయి. అరబిక్‌ను కుడి నుంచి ఎడమకు చదవాలని అందరికీ తెలుసు. కానీ ఆ ఒక్క సూత్రంతో చదివితే అంకెల దగ్గర పప్పులో కాలేస్తాం. అలాంటి ఒక సందేశాన్ని ముక్కముక్కగా విడదీసి చూద్దాం.

సందేశం అర్థం ఇది: "మీటింగు రేపు 10:30కు గూగుల్ మీట్‌లో, వ్యవధి 20 నుంచి 30 నిమిషాలు." అరబిక్‌లో ఈ మాటలను అల్‌ఇజ్తిమా (మీటింగు), బుక్రా (రేపు), అలా (మీద), అల్‌ముద్దా (వ్యవధి), దకీకా (నిమిషం) అంటారు. స్క్రీన్‌షాట్‌లో ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఏది ఎక్కడ కనిపిస్తుందో కింద ఉంది. సౌలభ్యం కోసం అరబిక్ మాటలను తెలుగు లిపిలో రాశాం.

```
దకీకా  30-20  అల్‌ముద్దా  ،  Google Meet  అలా  10:30  బుక్రా  అల్‌ఇజ్తిమా
```

చదవడం కుడి అంచు నుంచి మొదలుపెట్టాలి. అల్‌ఇజ్తిమా, బుక్రా అయ్యాక 10:30 వస్తుంది. దాన్ని మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి, అంటే పదిన్నర. తర్వాత చూపును 10:30కి ఎడమ పక్కకు జరిపి "అలా" చదవాలి. ఆపైన Google Meet. దాన్ని G దగ్గర మొదలుపెట్టి కుడికి చదివి, మళ్లీ దాని ఎడమ పక్కనున్న కామాకు రావాలి. అంటే ముక్కల వరుస కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఇంగ్లిష్ ముక్క లోపల, ఒక్కో సంఖ్య లోపల మాత్రం చూపు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది.

30-20 ఎందుకు తిరగబడింది?

పంపినవారు టైప్ చేసింది 20-30. ఫోన్ జ్ఞాపకంలోనూ అక్షరాలు టైప్ చేసిన క్రమంలోనే ఉంటాయి. తెరమీద ఏది ఎటు పేర్చాలో నిర్ణయించేది యూనికోడ్ ప్రమాణంలోని ద్విదిశా అల్గారిథమ్. అది అక్షరాలను స్థూలంగా మూడు రకాలుగా చూస్తుంది. అరబిక్, ఇంగ్లిష్, తెలుగు అక్షరాలకు స్వంత దిశ ఉంటుంది కాబట్టి అవి బలమైనవి. అంకెలు, వాటి మధ్య వచ్చే కొన్ని గుర్తులు బలహీనమైనవి. ఖాళీ జాగా, ప్రశ్నార్థకం వంటివి తటస్థమైనవి, ఇవి ఇరుగుపొరుగును బట్టి దిశ తీసుకుంటాయి. పై సందేశంలో కామా ఒక పక్క ఇంగ్లిష్‌కూ మరో పక్క అరబిక్‌కూ మధ్య చిక్కుకుంది. అప్పుడు మొత్తం వాక్యం దిశే దానికి వర్తిస్తుంది. అందుకే అది Google Meetకు ఎడమ పక్కన పడింది.

10:30లోని కోలన్‌ను అల్గారిథమ్ సంఖ్యలో భాగంగా చూస్తుంది. దశాంశ బిందువు, ఏటవాలు గీత కూడా అంతే. కాబట్టి రెండు అంకెల మధ్య అవి ఒక్కటొక్కటిగా వస్తే చెదరవు. అడ్డగీత సంగతి వేరు. అరబిక్ అక్షరాల వెనుక వచ్చే సంఖ్యల మధ్య అది సంఖ్యలో కలవదు, తటస్థ గుర్తుగా మారిపోతుంది. అప్పుడు 20, 30 రెండు వేర్వేరు ముక్కలవుతాయి. ముక్కల వరుస కుడి నుంచి ఎడమకే కాబట్టి ముందు వచ్చే 20 కుడివైపున, 30 దానికి ఎడమవైపున కూర్చుంటాయి.

అరబిక్ పాఠకుడికి ఇందులో తప్పేమీ కనిపించదు. అతని కన్ను ముందు 20ని, తర్వాత 30ని చూస్తుంది. తికమక పడేది ఎడమ నుంచి చదివే మనమే. వ్యవధి అయితే చిన్న సంఖ్య ముందు రావాలన్న ఇంగితంతో సరిచేసుకోవచ్చు. అదే 6-5 అని తేదీ కనిపిస్తే ఇంగితం చాలదు. అది అరబిక్ మాటల వెనుక ఉంటే కుడి నుంచి చదివి ముందు 5, తర్వాత 6 అనుకోవాలి.

ఫోన్ నంబరు దగ్గర జాగ్రత్త

ఖాళీలు పెట్టి రాసిన ఫోన్ నంబరుకు ఇదే జరుగుతుంది. 050 111 2222 అని టైప్ చేస్తే అరబిక్ వాక్యంలో అది 2222 111 050గా కనిపిస్తుంది. యూఏఈ, సౌదీ మొబైల్ నంబర్లు 05తో మొదలవుతాయి. ఆ 05 ఉన్న ముక్క కుడి చివర కనిపిస్తే ముక్కలను కుడి నుంచి ఎడమకు తీసుకోవాలి, ప్రతి ముక్కలోని అంకెలను మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. పంపేవారు ఖాళీలు లేకుండా 0501112222 అని రాస్తే ఈ ఇబ్బందే రాదు. వెబ్ పేజీ తయారుచేసేవారు నంబరును విడిగా కట్టి దాని దిశ చెప్పవచ్చు:

```
<span dir="ltr">050 111 2222</span>
```

అయితే 20-30 వంటి వ్యవధికి ఈ కట్టు వేయకూడదు. వేస్తే అరబిక్ పాఠకుడు దాన్ని 30 నుంచి 20 అని చదువుతాడు.

వాక్యం ఇంగ్లిష్‌తో మొదలైతే

చాలా యాప్‌లు సందేశంలో మొదట వచ్చే బలమైన అక్షరాన్ని చూసి మొత్తం వాక్యం దిశను నిర్ణయిస్తాయి. అదే విషయాన్ని పంపినవారు Google Meetతో మొదలుపెడితే తెర ఇలా మారుతుంది:

```
Google Meet  దకీకా  30-20  అల్‌ముద్దా  10:30  బుక్రా
```

ఇప్పుడు ఎడమ అంచున Google Meet చదివి, ఒక్కసారిగా కుడి చివరనున్న బుక్రాకు దూకి, అక్కడి నుంచి వెనక్కి ఎడమకు రావాలి. చాలా పొరపాట్లు ఈ దూకుడు దగ్గరే జరుగుతాయి. దీన్ని గుర్తుపట్టడానికి సందేశం చివరి పంక్తి చూడాలి. అది నిండకుండా ఆగినప్పుడు ఎడమ అంచుకు ఆనుకుని ఉంటే వాక్యం దిశ ఎడమ నుంచి కుడికి, కుడి అంచుకు ఆనుకుని ఉంటే కుడి నుంచి ఎడమకు అయి ఉండే అవకాశం ఎక్కువ. సందేశం రెండు మూడు పంక్తులుగా విరిగినా పై పంక్తి పూర్తయ్యాకే కింది పంక్తికి వెళ్లాలి.

అంకెలే వేరుగా ఉంటే

కొందరు ٠ ١ ٢ ٣ వంటి అంకెలు వాడతారు. అరబ్బులు వీటిని 'హిందీ అంకెలు' అంటారు, స్థానవిలువతో కూడిన అంకెల పద్ధతి వారికి భారతదేశం నుంచే చేరింది. ఇవి కూడా సంఖ్య లోపల ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. పోలికతో మోసపోవద్దు. ٥ మన సున్నాలా ఉన్నా అది 5, సున్నా అంటే చిన్న చుక్క ٠. ٦ మన 7ను తలపించినా అది 6.

ఒక పరిమితి మాత్రం ఉంది. స్క్రీన్‌షాట్ కేవలం బొమ్మ, అందులో టైప్ చేసిన క్రమం మిగలదు. ఆటలో స్కోరు 2-1 అని కనిపిస్తే ఏ జట్టుకు ఎన్నో బొమ్మను బట్టి ఖాయంగా చెప్పలేకపోవచ్చు. అప్పుడు అసలు సందేశాన్నే పంపమని అడగాలి. దాన్ని కాపీ చేసి, అరబిక్ మాటలు తీసేసి అంకెల భాగాన్ని మాత్రమే కొత్త నోట్‌లో ఉంచితే, అడ్డగీత చుట్టూ అంకెలు టైప్ చేసిన క్రమంలోనే బయటపడతాయి.