కనిపించే కోత, కనిపించని కోత

మ్యూచువల్ ఫండ్‌లో తొలిసారి డబ్బు పెట్టేవాళ్లు ఫ్యాక్ట్‌షీట్ చేతికి రాగానే రాబడుల పట్టిక మీద పడతారు. గతేడాది ఎంత, ఐదేళ్లలో ఎంత అని చూసి పక్కన పెట్టేస్తారు. అదే షీటులో, చాలాసార్లు చిన్న అక్షరాల్లో, ఎక్స్‌పెన్స్ రేషియో, ఎగ్జిట్ లోడ్ అని రెండు వివరాలు ఉంటాయి. మన చేతికి చివరికి ఎంత వస్తుందన్నది కొంతవరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఫండ్‌ను నడిపే కంపెనీ జీతాలు, ఆఫీసు ఖర్చులు, మనకు ఫండ్ అమ్మిన ఏజెంటు కమీషన్, అన్నీ మన డబ్బులోంచే పోతాయి. ఏడాదికి ఎంత శాతం పోతుందో చెప్పేదే ఎక్స్‌పెన్స్ రేషియో. దీనికి బిల్లు రాదు, ఖాతాలోంచి డబ్బు కట్ అయినట్టు మెసేజీ కూడా రాదు. ఏడాది శాతాన్ని రోజుల లెక్కన పంచి, రోజూ ఫండ్ ఆస్తుల్లోంచి తీసేస్తారు. సాయంత్రం ప్రకటించే ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, ఆ కోత పోగా మిగిలినదే. లక్ష రూపాయల మీద 1.8 శాతం అంటే ఏడాదికి 1,800, రోజుకు దాదాపు 5 రూపాయలు. ఫండ్ నష్టపోయిన రోజున కూడా ఆ ఐదూ పోతాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫ్యాక్ట్‌షీట్‌లో రాబడి 12 శాతం, ఖర్చు 1.8 శాతం అని ఉంటే, మనకు మిగిలేది 10.2 శాతమే అనుకుంటారు. అది తప్పు. ఎన్‌ఏవీ ఆధారంగా లెక్కగట్టిన ఆ 12 శాతం ఖర్చులు పోయాక వచ్చినదే, మళ్లీ తీసేయక్కర్లేదు.

మరి ఖర్చును చూడటం ఎందుకు? ఒకే ఫండ్‌కు రెండు ప్లాన్లు ఉంటాయి కనుక. ఏజెంటు ద్వారా కొనేది రెగ్యులర్, కంపెనీ దగ్గర నేరుగా కొనేది డైరెక్ట్. ఈ డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. రెండింటిలోనూ ఉండేవి అవే షేర్లు, మేనేజరూ ఒక్కరే. తేడా కమీషనే. ఉదాహరణకు రెగ్యులర్‌లో 1.8 శాతం, డైరెక్ట్‌లో 0.7 శాతం ఖర్చు అనుకుందాం. ఖర్చులు తీయకముందు ఫండ్ ఏటా 12 శాతం సంపాదించిందనుకుంటే, లక్ష రూపాయలు 20 ఏళ్లకు రెగ్యులర్‌లో సుమారు 6.98 లక్షలు, డైరెక్ట్‌లో సుమారు 8.51 లక్షలు అవుతాయి. తేడా లక్షన్నర పైనే. ఆ ఏజెంటు మార్కెట్ పడినప్పుడు మిమ్మల్ని కంగారుపడి అమ్మకుండా ఆపగలిగితే, కాగితాల పని చూసిపెడితే, ఆ డబ్బు దండగ అని నేననను. ఫారం మీద సంతకం పెట్టించుకుని మాయమయ్యే వాడికి మాత్రం అది ఎక్కువే.

ఎగ్జిట్ లోడ్ అలా కాదు, అది కంటికి కనిపిస్తుంది. చాలా ఈక్విటీ ఫండ్లలో, కొన్న ఏడాదిలోపు అమ్మితే ఒక శాతం, ఆ తర్వాత సున్నా. ఈ శాతం లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. 25,000 పెట్టిన యూనిట్లు 24,000కు పడిపోయినప్పుడు అమ్మినా 240 పోయి 23,760 చేతికొస్తాయి. ఆ 240 కంపెనీ జేబులోకి వెళ్లదు. అదే ఫండ్‌లో మిగిలిన మదుపరుల ఖాతాలోకి చేరుతుంది.

సిప్ కట్టేవాళ్లు తికమకపడేది ఇక్కడే. సిప్ మొదలుపెట్టి ఏడాది దాటింది కదా, ఇక లోడ్ లేదనుకుంటారు. ప్రతి వాయిదాకూ ఏడాది విడిగా లెక్క. 2024 జనవరి నుంచి నెలనెలా 5వ తేదీన 5,000 కట్టిన మనిషి 2025 జూన్ 20న మొత్తం అమ్మాడనుకోండి. కట్టిన వాయిదాలు 18. ఏడాది దాటినవి మొదటి ఆరే, మిగతా 12 వాయిదాల యూనిట్ల మీద లోడ్ పడుతుంది. వాటి విలువ 63,000 అయితే 630 పోతాయి. కానీ అతనికి అవసరమైనది 30,000 మాత్రమే అయితే? ముందు కొన్న యూనిట్లనే ముందు అమ్మినట్టు లెక్క కడతారు. ఆ ఆరు వాయిదాల విలువ 33,000 ఉంటే, లోడ్ ఒక్క రూపాయి కూడా పడదు.

రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడాన్ని కూడా అమ్మి మళ్లీ కొన్నట్టే చూస్తారు. అంటే లాభం మీద పన్ను పడవచ్చు, గడువు తీరకపోతే లోడ్ కూడా పడవచ్చు. అందుకే తొందరపడి అంతా ఒకేసారి మార్చకండి. కొత్త వాయిదాలను డైరెక్ట్‌లో మొదలుపెట్టి, పాతవాటిని స్టేట్‌మెంటులో తేదీలు చూసుకుంటూ మార్చుకోండి.

నా మటుకు, ఎగ్జిట్ లోడ్ గురించి పడే బెంగలో సగం ఎక్స్‌పెన్స్ రేషియో గురించి పడితే చాలు. లోడ్ ఓపిక పడితే తప్పిపోతుంది, ఖర్చు ఫండ్‌లో ఉన్నంతకాలం ఉంటుంది. పైగా అది స్థిరం కాదు, కంపెనీ సెబీ పరిమితికి లోబడి పెంచవచ్చు, తగ్గించవచ్చు. కనుక ఆర్నెల్లకోసారైనా తాజా ఫ్యాక్ట్‌షీట్ తెరిచి, మీ ప్లాన్ పేరు పక్కనున్న ఆ అంకెను చూడండి.