ముప్పై ఫ్యాన్లు అమ్మినా పన్ను సున్నా ఎందుకు?

బీకాం విద్యార్థులకు వచ్చే పన్ను లెక్కల్లో ఈ తరహాది ఒకటి తప్పకుండా ఉంటుంది. ఏలూరులో ఒక ఫ్యాన్ల దుకాణం ఉందనుకుందాం. యజమాని ఈ నెలలో విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర ఒక్కోటి 2,000 రూపాయల చొప్పున 50 ఫ్యాన్లు కొన్నాడు. వాటిలో 30 ఫ్యాన్లను 2,500 చొప్పున అమ్మాడు. ఈ ధరల్లో పన్ను కలపలేదు, పన్ను రేటు 18 శాతం. నెలాఖరుకు ఆయన ప్రభుత్వానికి కట్టాల్సింది ఎంత?

చాలామంది ఇలా లెక్కిస్తారు: ఒక్కో ఫ్యాను మీద 500 రూపాయలు మిగిలింది, 30 ఫ్యాన్లకు 15,000, దాని మీద 18 శాతం అంటే 2,700. చూడటానికి ఇందులో లోపమేమీ కనిపించదు. విలువ ఆధారిత పన్ను అంటే కలిసిన విలువ మీద పన్నే కదా, కలిసిన విలువ 15,000 కదా అనిపిస్తుంది. కానీ సరైన జవాబు సున్నా. పైగా మరో 4,500 రూపాయలు యజమాని ఖాతాలో నిలవ ఉంటాయి.

ఈ తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకుంటే వ్యాట్ లెక్క అంతా చేతికి వచ్చినట్లే.

పేరులో విలువ అనే మాట ఉన్నా, చట్టం ఎక్కడా వ్యాపారి ఎంత విలువ కలిపాడని అడగదు. అది రెండు కట్టల బిల్లులను చూస్తుంది. అమ్మకం బిల్లుల మీద వసూలు చేసిన పన్ను ఒక కట్ట, కొనుగోలు బిల్లుల మీద చెల్లించిన పన్ను రెండో కట్ట. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయగా మిగిలిందే కట్టాల్సిన పన్ను. ఆ రెండో కట్ట పేరే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్.

ఏలూరు దుకాణానికి ఈ సూత్రం పెడదాం. అమ్మకం 75,000 రూపాయలు, దాని మీద కొనుగోలుదారుల నుంచి వసూలైన పన్ను 13,500. కొనుగోలు లక్ష రూపాయలు, దాని మీద హోల్‌సేల్ వ్యాపారికి చెల్లించిన పన్ను 18,000. పదమూడున్నర వేల లోంచి పద్దెనిమిది వేలు తీయాలంటే 4,500 తక్కువ పడుతుంది. అందుకే ఈ నెల కట్టాల్సింది ఏమీ లేదు, ఆ 4,500 క్రెడిట్‌గా వచ్చే నెలకు వెళ్తుంది. యాభై ఫ్యాన్లలో ఇరవై ఇంకా దుకాణంలోనే ఉన్నాయి కదా, వాటి మీద కట్టిన పన్నుకు ఇప్పుడే క్రెడిట్ ఎలా ఇస్తారన్న సందేహం సహజం. క్రెడిట్ సరుకు అమ్ముడైనప్పుడు కాదు, పన్ను బిల్లుతో సరుకు కొని అందుకున్నప్పుడే పుడుతుంది. ముగింపు నిల్వ లాభనష్టాల ఖాతాకు కావాలి, ఈ లెక్కకు అక్కర్లేదు.

రెండో నెలకు వెళ్దాం. మిగిలిన 20 ఫ్యాన్లూ అదే ధరకు అమ్ముడయ్యాయి: 50,000 రూపాయల అమ్మకం, 9,000 పన్ను. కొత్తగా 10 ఫ్యాన్లు కొన్నాడు: 20,000 రూపాయల సరుకు, 3,600 పన్ను. ఇప్పుడు 9,000 లోంచి ఈ నెల క్రెడిట్ 3,600, పోయిన నెల నుంచి వచ్చిన 4,500 తీసేస్తే 900 రూపాయలు కట్టాలి.

లెక్క సరిపోయిందో లేదో సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. రెండు నెలల్లో అమ్మిన 50 ఫ్యాన్ల మీద కలిసిన విలువ 25,000, దాని మీద 18 శాతం 4,500. దుకాణంలో మిగిలిన 10 ఫ్యాన్ల మీద ముందే వాడుకున్న క్రెడిట్ 3,600. నాలుగున్నర వేల లోంచి అది తీస్తే అదే 900. అంటే మార్జిన్ మీద లెక్కించే పద్ధతి అసలు తప్పేమీ కాదు. కొన్నదంతా అమ్ముడైపోయే దాకా ఆగితే రెండు పద్ధతులూ ఒకచోటే కలుస్తాయి. పన్ను మాత్రం అంతదాకా ఆగదు, నెల నెలా లెక్క అడుగుతుంది.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరాలి. ఆ 500 రూపాయల మార్జిన్ అంతా లాభం కాదు. కుర్రవాడి జీతం, కరెంటు బిల్లు అందులోంచే పోవాలి. జీతం మీద జీఎస్టీ ఉండదు కాబట్టి దానికి క్రెడిట్ కూడా రాదు. దుకాణానికి నష్టం వచ్చిన నెలలో సైతం ఈ పన్ను కట్టాల్సి రావచ్చు. లాభం మీద వేసేది ఆదాయపు పన్ను, దాని దారి వేరు.

ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఒకే ఒక్క ఫ్యాను వెంట నడవాలి. తయారీదారు దాన్ని 1,600కు హోల్‌సేల్ వ్యాపారికి అమ్మి 288 రూపాయల పన్ను వసూలు చేస్తాడు. ఆయన 2,000కు దుకాణదారుకు అమ్మి 360 వసూలు చేసి, తాను కట్టిన 288 మినహాయించుకుని, 72 ప్రభుత్వానికి చెల్లిస్తాడు. దుకాణదారు 2,500కు అమ్మి 450 వసూలు చేస్తాడు, 360 మినహాయించుకుని 90 కడతాడు. 288, 72, 90 కూడితే 450. ఇంటికి ఫ్యాను తీసుకెళ్లే మనిషి బిల్లులో కనిపించేదీ సరిగ్గా ఆ 450 రూపాయలే. ఆయన దాన్ని ఎవరి దగ్గరా మినహాయించుకోలేడు. మూడు చోట్ల కట్టినా, భారం మోసింది ఆ చివరి మనిషి ఒక్కడే.

ఇదే ఫ్యానుకు ఏ మెట్టులోనూ క్రెడిట్ లేదనుకోండి. హోల్‌సేల్ వ్యాపారికి అది 1,888కి పడుతుంది. తన 400 కలుపుకుని 2,288కి అమ్మితే దాని మీద మళ్లీ 18 శాతం. దుకాణదారుకు దాదాపు 2,700 పడుతుంది, తన 500 కలుపుకుంటే దాని మీద ఇంకోసారి 18 శాతం. ఇంటి యజమాని చేతిలోంచి పోయేది 3,776 రూపాయలు, అందులో పన్ను 1,276. రేటు మారలేదు, ఎవరి మార్జినూ పెరగలేదు. పన్ను మీద పన్ను పడినందుకే 450 కాస్తా 1,276 అయింది. ఫ్రాన్స్‌లో మోరిస్ లోరే అనే పన్నుల అధికారి రూపొందించిన వ్యాట్ 1954లో అమల్లోకి వచ్చింది ఈ దొంతర పన్నును విడదీయడానికే. మన దేశంలో రాష్ట్రాలు దీన్ని తెచ్చుకోవడానికి చాలాకాలం పట్టింది. హర్యానా 2003లో మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం స్థానంలో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది.

ఆ వ్యాట్‌లో గొలుసు రాష్ట్ర సరిహద్దు దగ్గర తెగిపోయేది. పుణె నుంచి సరుకు తెప్పిస్తే దాని మీద కట్టిన కేంద్ర అమ్మకపు పన్నుకు ఇక్కడ క్రెడిట్ ఉండేది కాదు, అది సరుకు ఖరీదులోనే కలిసిపోయేది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఐజీఎస్టీ రూపంలో ఆ అతుకు పడింది. దుకాణం అద్దె లాంటి సేవల మీద కట్టిన పన్నుకూ క్రెడిట్ దక్కింది. కొత్తగా వచ్చిన మెలిక ఒకటుంది. ఏలూరు, విజయవాడ మధ్య జరిగిన కొనుగోలు మీద పన్ను కేంద్రానికి తొమ్మిది, రాష్ట్రానికి తొమ్మిది శాతంగా చీలుతుంది. కేంద్రం వాటా క్రెడిట్‌తో రాష్ట్రం వాటా తీర్చడానికి వీల్లేదు. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

మార్కులు పోయే ఇంకో చోటు ధరలో పన్ను కలిపి ఉన్న సందర్భం. ఫ్యాను 2,950కి అమ్మారు, అందులో పన్ను కూడా ఉంది అంటే చాలామంది 2,950 మీద 18 శాతం కట్టి 531 అంటారు. ఆ 2,950 అంటే 100కు 118 అయిన మొత్తం. కాబట్టి దాన్ని 118తో భాగించి 18తో గుణించాలి. వచ్చేది 450.

కాగితం మీద లెక్క ఇంత సాఫీగా ఉన్నా, బజారులో క్రెడిట్ చేజారే దారులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా బాధ కలిగించేది అవతలివాడి నిర్లక్ష్యం. హోల్‌సేల్ వ్యాపారి తన అమ్మకాల రిటర్ను దాఖలు చేయకపోతే ఆ బిల్లు దుకాణదారు జీఎస్టీఆర్-2బి లో కనిపించదు. నెల నెలా రిటర్ను వేసేవారు అమ్మకాల వివరాలను మరుసటి నెల 11లోగా ఇవ్వాలి, 14న 2బి తయారవుతుంది, 20లోగా పన్ను కట్టాలి. 2022 జనవరి నుంచి 2బి లో లేని బిల్లుకు క్రెడిట్ లేదు. మన దుకాణం రెండో నెల కొన్న పది ఫ్యాన్ల బిల్లు అలా రాకుండా పోతే 3,600 క్రెడిట్ ఆగిపోయి, 900 కట్టాల్సిన చోట 4,500 కట్టాలి. అవతలివాడు తర్వాతెప్పుడో రిటర్ను వేస్తే అప్పుడు క్రెడిట్ వస్తుంది. ఈలోగా 3,600 రూపాయలు చిన్న వ్యాపారి చేతిలో ఆడకుండా ఇరుక్కుపోయినట్లే. పన్ను ఇచ్చి, పక్కా బిల్లు తీసుకున్నవాడికి ఈ శిక్ష పడటం న్యాయం కాదు. 14వ తేదీ దాటగానే కొనుగోలు బిల్లులను 2బి తో ఒక్కొక్కటిగా పోల్చి, రానివాటి గురించి 20లోగా అవతలివాడికి ఫోన్ చేయడం తప్ప దుకాణదారుకు వేరే రక్షణ లేదు.

అప్పు మీద సరుకు తెచ్చుకునేవాళ్లకు మరో షరతు ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో హోల్‌సేల్ వ్యాపారికి డబ్బు చెల్లించకపోతే, వాడుకున్న క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చు. కాంపొజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి దగ్గర కొంటే ఆయన బిల్లులో పన్ను వేయడు, కాబట్టి క్రెడిట్ కూడా ఉండదు. బిల్లు లేకుండా నడిచే జీరో దందాలో కొన్న సరుకుకు క్రెడిట్ ప్రశ్నే రాదు. ఫ్యాను వంద తక్కువకు వచ్చిందని సంతోషించినా, పక్కా బిల్లుతో అమ్మే రోజున 450 రూపాయల పన్ను మొత్తం తానే కట్టుకోవాలి.

క్రెడిట్ తీసుకున్న సరుకు వ్యాపారం దాటి బయటికి పోయినా లెక్క మారుతుంది. దుకాణదారు తన స్టాకులోంచి ఒక ఫ్యాను చుట్టాల గృహప్రవేశానికి ఉచితంగా ఇచ్చాడనుకోండి. దాని మీద ముందే వాడుకున్న 360 వెనక్కి ఇచ్చేయాలి. రెండో నెల కట్టాల్సిన 900 అప్పుడు 1,260 అవుతుంది. దొంగతనానికి పోయిన సరుకుకూ, నిప్పంటుకుని కాలిపోయిన సరుకుకూ ఇదే నియమం.

ఫ్యాన్లు తెచ్చే వ్యానులో పోసే డీజిలు మాత్రం ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు. పెట్రోలు, డీజిలు, మద్యం మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వ్యాటే వసూలు చేస్తున్నాయి. ఆ వ్యాట్‌ను ఫ్యాన్ల మీది జీఎస్టీతో సర్దుకోవడానికి వీల్లేదు. కాబట్టి డీజిలు మీద కట్టిన పన్ను రవాణా ఖర్చుగా మారి, ఫ్యాను ధరలో కలిసి, దాని మీద మళ్లీ 18 శాతం పడుతుంది.